ఆయన లేని ఉత్తరం

"ఇందుల మా నాన్న లేడు మేడం."

నేహా కాగితాన్ని మడిచి మళ్ళీ బల్ల మీద పెట్టింది. పోయినవారం చనిపోయిన గుమాస్తా భీమ్‌రావు కూతురు ఆమె. తండ్రి సామాను తీసుకుపోవడానికి అహేరి నుంచి సిరోంచ ఆఫీసుకు వచ్చింది.

ఆ ఉత్తరం ఇచ్చిన గుమాస్తా కళ్యాణికి ఒళ్ళు మండింది. "పైన పేరున్నది గదమ్మా."

"పేరే ఉన్నది. 'అందరితో కలిసిమెలిసి ఉండేవారు' అని రాసిండ్రు. మా నాన్న ఎవలతోని కలిసేటోడు కాదు. ఇది ఇంట్ల చదివితే మా అమ్మ నమ్మది."

నిజానికి ఆ సంతాపపు ఉత్తరం కంప్యూటర్లో ఇప్పటికే మూడు చావులు చూసింది. పేరూ తేదీ మార్చి, కళ్యాణి ప్రింటు తీసి సంతకం పెడుతుంది.

"ఆఫీసుల ఆయన ఎట్లుండెనో ఒక్క ముచ్చట రాసియ్యుండ్రి. లేకుంటె ఉత్తరమే వద్దు. బస్సుకు ఇరవై నిమిషాలున్నది."

కళ్యాణి తెల్లకాగితం తీసుకుంది. ఏం రాయాలి? ఏడాదిగా పక్క బల్ల దగ్గరే ఉన్నా ఆ మనిషితో నాలుగు మాటలు మాట్లాడలేదు. పెద్దసారుకు చాడీలు మోస్తాడని ఆఫీసులో పేరు. పొద్దున్నే హాజరీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వాకిలి వైపే చూస్తుండేవాడు. అంకిస నుంచి బస్సులో వచ్చే కళ్యాణి ఏనాడూ వేళకు చేరింది లేదు. ఎప్పుడు పట్టిస్తాడోనని హడలిపోతూ, లోపల తిట్టుకుంటూ సంతకం పెట్టేది.

'మీ బాధ నాకు తెలుసు' అని రాసి కొట్టేసింది. తెలియదు మరి.

'ఆత్మకు శాంతి' కొట్టేసింది.

'ఏ సహాయం కావాలన్నా అడగండి' దగ్గర ఆగింది. అడగరని తెలిసే అందరూ రాసే మాట అది. దాన్నీ కొట్టేసి, 'పింఛను కాగితాలు నేనే సిద్ధం చేసి సోమవారం ఫోన్ చేస్తాను' అని రాసింది.

"పది నిమిషాలు మేడం."

కళ్యాణి కొత్త కాగితం తీసుకుంది. నిజం రాయమంది కదా, నిజమే రాద్దామనుకుని నేహా తల్లి పేరుతో మొదలుపెట్టింది.

'తిరుపతమ్మగారికి,

భీమ్‌రావుగారు అందరికన్నా ముందు వచ్చేవారు. పదిన్నర దాకా హాజరీ పుస్తకం ఒళ్ళోంచి దించేవారు కాదు. ఎందుకో నేను అడగలేదు. పక్కనే ఉండీ ఆయనతో మాట్లాడలేదు. అది నా తప్పు.'

కింద పింఛను మాట చేర్చి, పెన్నుతో పేరు రాసి ఇచ్చింది.

నేహా నిలబడే చదివింది. హాజరీ పుస్తకం అన్న చోట ఆమె వేలు ఆగిపోయింది. కళ్యాణి కుర్చీలోంచి లేచింది.

"తప్పేమన్న రాసిన్నా?"

"లేదు మేడం. గిదే మా నాన్న."

ఉత్తరం సంచిలో పెట్టుకుని వాకిలి దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అంకిస బస్సు దిగి ఒక మేడం ఉరుక్కుంట వస్తదట, ఆమె సంతకం పెట్టేదాక పుస్తకం పెద్దసారు చేతికి పోనియ్యనని నాన్న ఇంట్ల అంటుండె. ఆ మేడంకు జర నాన్న పోయిన సంగతి చెప్పుండ్రి."