మూడో ఫోటోలో కుక్కర్

లిఫ్టులు బాగుచేసే ఫణీంద్రకు హారికతో మ్యాచ్ అయిందని డేటింగ్ యాప్ పొద్దున్నే చెప్పింది. మొదటి మెసేజ్ ఒక్కటే పంపనిస్తుంది. సాయంత్రంలోగా జవాబు రాకపోతే మ్యాచ్ చెరిగిపోతుంది. ఆ మెసేజ్ కూడా యాప్ రాసిపెట్టింది: "మీ అరకు ఫోటో బాగుంది. మళ్లీ వెళ్తే ఏ కాలంలో వెళ్తారు?"

"బానే ఉంది కదక్కా. ఉత్త హాయ్ కాదు, ప్రశ్న కూడా ఉంది," అన్నాడు.

దొండకాయలు తరుగుతున్న అక్క వసుంధర తలెత్తలేదు. "అందరికీ అదే రాసిస్తుందిరా. ఆ పిల్లకి ఈపాటికి ఎన్ని అరకులొచ్చుంటాయో. నువ్వు ఫోటోలు చూసి, నీకు తట్టింది అడుగు. తేలిగ్గా చెప్పగలిగేది అడుగు. అందంగా ఉన్నావని మాత్రం రాయకు."

ఫణీంద్ర ఫోటోలన్నీ మళ్లీ చూశాడు. మూడోదాంట్లో ఆమె వెనక పొయ్యి మీద కుక్కర్ ఉంది. దాని విరిగిన పిడికి రాగితీగ చుట్టి ఉంది.

"కుక్కర్ పిడికి ఆ తీగ మీరే చుట్టారా? బిగువుగా ఉంది. ఎన్నాళ్లయింది?" అని పంపాడు.

అన్నం తినేలోగా జవాబొచ్చింది.

"నేనే చుట్టాను. మూడేళ్లయింది, ఇంకా ఊడలేదు. పొద్దుట్నుంచి ముప్పై మంది అరకు గురించే అడిగారు. ఆ ఫోటో యాప్ తయారుచేసి పెట్టింది. నేనింతవరకూ అరకు చూడనేలేదండీ."