చెవిటి పిన్ని మిషన్

పక్కింటి పిన్ని మళ్ళీ బెల్ కొట్టింది.

లోపల అమ్మాయి మీదికి మొగుడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

చొక్కా సర్దుకుని, ముఖానికో నవ్వు తగిలించుకుని వెళ్ళి తలుపు తీశాడు.

"ఏం కావాలి పిన్నిగారూ?"

"నిచ్చెన."

"మొన్న తీసుకెళ్ళింది మీ ఇంట్లోనే ఉందిగా!"

"కాఫీయా? సరే, కొంచెం ఇవ్వండి," అంటూ పిన్ని లోపలికొచ్చి సోఫాలో కూలబడింది.

పిన్నికి ఆ మధ్యే చెముడొచ్చింది. చెవిలో మిషన్ అయితే ఉంది గానీ, దానివల్ల ఒరిగిందేమీ లేదు. మేడలో చిన్నపిల్లలు కూడా ఆవిడతో సైగలతోనే మాట్లాడేవాళ్ళు.

కూర్చుందంటే ఓ పట్టాన కదిలే రకం కాదు. అతను విసుక్కుని, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

అమ్మాయికి పిన్నంటే ఒళ్ళుమంట. దెబ్బలు తిన్న చేతుల్తో ఆవిడకి కాఫీ కలపాలి మరి.

అంతకుముందు ఓసారి ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు.

ఇద్దరు వచ్చారు. మొగుడి ఎదురుగానే అడిగారు.

"ఏమ్మా, కొడుతున్నాడా?"

అతను పాపని ఎత్తుకుని పక్కనే నిలబడ్డాడు.

"లేదండీ. టీవీ చప్పుడు," అంది అమ్మాయి.

ఇంకేమంటుంది? కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం పెళ్ళయిన ఏడాదికే మాన్పించాడు. ఇల్లు, బ్యాంకు ఖాతా, పాప బడి, అన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. తల్లికి చెబితే, "కోపం ఉన్నచోటే ప్రేమ ఉంటుందే, సర్దుకో," అంది.

వచ్చినవాళ్ళు, "సంసారమన్నాక మామూలే," అని మెట్లు దిగిపోయారు. ఆ కసి కూడా ఆమె వీపు మీదే తీరింది.

ఫోన్ చేసిందెవరా అని అతను ఇల్లిల్లూ ఆరా తీశాడు. ఆఖర్న పిన్ని గడపెక్కాడు. ఆవిడ కొత్త మిషన్ చూపించి, "గట్టిగా చెప్పు నాయనా," అంది.

అతను నవ్వుకుంటూ వచ్చేశాడు. ఇక ఆ గోడవైపు వినేవాళ్ళు లేరని ధీమా.

కొన్నాళ్ళకి పిన్ని కొత్త పేచీ తెచ్చింది.

"అబ్బాయీ, ఆస్పత్రిలో చెవుల డాక్టరు చెప్పేది నాకు వినపడి చావదు. మీ ఆవిణ్ణి తోడు పంపు."

చెవిటిదానితో వెళితే కొంపేం మునుగుతుందని పంపాడు.

చెవుల డాక్టరు గది పక్కన ఇంకో గది ఉంది. నర్సు అమ్మాయిని ఒక్కదాన్నే అందులోకి పిలిచి తలుపేసింది. లేడీ డాక్టరు మెల్లిగా అడిగింది.

"ఇంట్లో నీకు భయంగా ఉంటోందా అమ్మా?"

అతను పక్కన లేకుండా ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. అమ్మాయి భోరుమంది.

డాక్టరు ప్రతి దెబ్బా రాసుకుంది. ఒప్పుకున్నాకే ఫోటోలు తీసింది.

"కేసు పెట్టాలో వద్దో నువ్వే చెప్పు, తొందర లేదు. కానీ విడిపోతున్నావని తెలిసినప్పుడే ఇలాంటివాళ్ళు మరీ రెచ్చిపోతారు. ముందు పాపతో ఎక్కడ ఉంటావో చూద్దాం."

ఆ తర్వాత పిన్ని చెవులకి ఎన్ని పరీక్షలో! ప్రతిసారీ అమ్మాయే తోడు. ఆ రాకపోకల్లోనే దాక్కునే చోటు దొరికింది, లాయరమ్మ దొరికింది, పాత షాపులో ఉద్యోగమూ దొరికింది.

ఓ రోజు పాపని తీసుకుని ఆ చోటికి వెళ్ళిపోయింది. చివరికి కోర్టు అతన్ని ఇల్లు వదలమంది, ఆమె దరిదాపులకి రావద్దంది. అమ్మాయి పాపతో మళ్ళీ ఇంటికొచ్చింది.

నెల తిరక్కుండా అతను వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. స్టేషన్‌కి ఫోన్ చేస్తే, "చెయ్యి చేసుకోలేదుగా?" అన్నారు. కోర్టు మాట మీరడమే నేరమని లాయరమ్మ కేకలేస్తే గానీ పోలీసులు కదల్లేదు.

కొట్టిన కేసు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడింది.

"దెబ్బలు మెట్ల మీంచి పడితే తగిలాయట. పోలీసులొచ్చినప్పుడు నువ్వే ఏం లేదన్నావట. అవతలి లాయరు పాట ఇదీ," అంది లాయరమ్మ. "చెవులారా విన్న మనిషి ఒక్కరుంటే చాలు."

మేడలో అందరినీ అడిగింది అమ్మాయి. "మాకెందుకమ్మా," అన్నారు.

"నేనొస్తా సాక్ష్యానికి," అంది పిన్ని. "ఆ రోజు ఈ మిషన్ ఇంట్లో పెట్టేసి వస్తాలే."

అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. ఆవిడ బుగ్గ గిల్లి, "వద్దులే," అని చెయ్యి ఊపింది.

సాక్ష్యాల రోజు ఇంకా రాకముందే పిన్ని నిద్రలోనే పోయింది.

సాక్షులు లేరని ఆ కేసు కొట్టేశారు. అమ్మాయికి కడుపు మండిపోయింది. అయినా ఇంటిమీద కోర్టు మాట నిలిచింది, అతను వేరే ఊరు పోయాడు. ఇప్పుడు ఇంట్లో గిన్నె జారిపడితే తల్లీకూతుళ్ళు ఉలిక్కిపడరు, పకపకా నవ్వుతారు. ఆ నవ్వు వింటే ఆమెకి కడుపు నిండినట్టుంటుంది.

ఓ సెలవురోజు, ఎవరికైనా పనికొస్తుందని, పిన్ని మిషన్ తీసుకుని చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెవరికి పనికొస్తుందమ్మా? లోపల ఏమీ లేని డొల్ల. నేనే ఇచ్చాను."

"అదేంటండీ! పాపం, ఆవిడకి అస్సలు వినపడేది కాదుగా?"

"ఎవరన్నారు? ఆవిడ చెవులు నిక్షేపంలా ఉండేవి; పక్కింట్లో ఒకడు పెళ్ళాన్ని కొడుతున్నాడు, నాకు వినపడదనుకుంటేనే వాడు నన్ను గడప తొక్కనిస్తాడు అని, పాడైన మిషన్ ఒకటి అడిగి మరీ పట్టుకెళ్ళింది."