తీసేసిన వాక్యం

"ఈ వాక్యం తీసెయ్యండి," అన్నాడు పెద్దాయన, రాజీనామా ఉత్తరం మీద వేలు పెట్టి.

పాస్టర్లను తయారుచేసే ఆ సెమినరీలో హీబ్రూ చెప్పే లెక్చరర్‌కి ఒళ్ళు మండింది.

పెద్దాయన పాలకమండలి కార్యదర్శి. మండలికి ఏ కాగితం వెళ్ళాలన్నా ఆయన చేతి మీదుగానే వెళ్ళాలి. విద్యార్థులు చాటుగా 'గొళ్ళెం' అంటారు.

వాక్యం చిన్నదే. 'ఏటా సంతకం చేసే విశ్వాస ప్రమాణాన్ని ఇక మనస్ఫూర్తిగా ఒప్పుకోలేను.'

"అది నిజం సార్."

"కాదన్లేదు. యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చిందని రాయండి. నోటీసు గడువు రాయండి. మీ దగ్గర థీసిస్ రాసే పిల్లల్ని ఎవరికి అప్పగిస్తారో రాయండి. చాలు."

"సంస్థ పరువు పోకూడదు. అంతేగా మీ బాధ?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ వాక్యం ఉంటే మీ మీద సిద్ధాంత విచారణ వేస్తారు. అది తేలేదాకా రాజీనామా ఆమోదించరు. రిలీవింగ్ లెటర్ ఇవ్వరు. అది లేకపోతే అక్కడ చేర్చుకోరు."

లెక్చరర్ ఉత్తరం లాక్కుని ఇంటికొచ్చాడు.

గోడ అవతలే ప్రిన్సిపాల్ ఇల్లు. గొంతు పెంచి పోట్లాడుకునే వీలు కూడా లేదు.

"ఉండే ఇల్లు వాళ్ళది. అమ్మాయి చదివే బడి వాళ్ళది," అంది భార్య, గుసగుసగా. "ప్రార్థనలో నువ్వు ఉత్తినే పెదాలు కదుపుతున్నావు. ఇంకో ఏడాది అది నేను చూడలేను. తీసెయ్."

తీసేశాడు. సంతకం పెడుతుంటే తన నోరు తానే నొక్కుకున్నట్టు అనిపించింది.

పెద్దాయన ఉత్తరాన్ని ఆ నెల మండలి సమావేశంలోనే పెట్టించాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆమోదించారు.

వీడ్కోలు రోజు ఆయన చెయ్యి చాచాడు. లెక్చరర్ పుస్తకాలు కట్టుకుంటూ చూడనట్టు ఊరుకున్నాడు.

కొత్త టర్ము మొదలైంది. యూనివర్సిటీలో మత అధ్యయన శాఖ అధిపతి లెక్చరర్‌కి గది చూపించింది. తల నెరిసిన మనిషి.

"ఇక్కడ ఏ మతం గురించైనా పాఠం చెప్పొచ్చు. మీరేం నమ్ముతారో ఎవరూ అడగరు," అంది. ఆగి, "మీ కార్యదర్శిగారి అంత్యక్రియలకి వెళ్ళొచ్చారా?" అని అడిగింది.

లెక్చరర్ చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది.

"పోయారా?"

"పోయిన వారం. మీకు తెలీదా?"

"లేదు. మీకు ఆయన ఎలా తెలుసు మేడమ్?"

"ఈ శాఖ పెట్టినప్పుడు ఈ ఉద్యోగానికి మొదట ఎంపికైంది ఆయనే," అంది ఆమె, కిటికీ తెరుస్తూ. "రాజీనామాలో నమ్మకం గురించి ఒక వాక్యం రాశారట, విచారణ తేలేలోపు మేం ఇంకొకర్ని తీసేసుకున్నాం."