ఎదురెదురు కుర్చీలు

"మనకేం రోగమని కౌన్సెలింగు?" విజయ్ పాల్ చేతిలోని కాగితాన్ని ఉండచుట్టి గుమ్మంలోకి విసిరాడు. "మన సంసారం సంగతి ఊరందరికీ చెప్పుకోవాలా?"

సారిక ఆ ఉండను తీసి మడతలు సరిచేసింది. భీమవరంలో దంపతులకు కౌన్సెలింగు చేసే సత్యవాణి గారి దగ్గర్నుంచి తెచ్చిన కాగితం అది. మొదటిసారి వెళ్తే ఏం జరుగుతుందో అందులో రాసి ఉంది. మొగుడు సగం దాకా నెమ్మదిగానే చదివాడు. 'ఒకరు మాట్లాడతారు, రెండోవారు తాము విన్నది తిరిగి చెబుతారు' అన్న వాక్యం దగ్గరికొచ్చేసరికి మనిషే మారిపోయాడు.

"ఇదేమన్నా బళ్లో పరీక్షా? నే రాను. ఇంకోసారి ఈ మాటెత్తితే బాగుండదు, చెప్తున్నా."

చొక్కా తగిలించుకుని ఐసు ఫ్యాక్టరీకి బయల్దేరాడు. పదహారేళ్లుగా అక్కడ కంప్రెసర్ల దగ్గర ఆపరేటరు. "అన్నం తినెళ్లండి" అంటూ సారిక వీధి దాకా వెళ్లింది. అతను వెనక్కి తిరగనైనా లేదు.

ఆమెకది కొత్త కాదు. నాలుగేళ్లుగా ఇదే వరస. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ పెడితే మాత్రం నిమిషంలో జవాబిస్తాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ బండి మీద వెనక కూర్చుని ఆమె ఏదో చెబుతుంటే ఊఁ కూడా కొట్టడు. ఇంట్లో ఇద్దరున్నా ఆమె మాటలకు గోడలే దిక్కు. వేరే ఎవరో ఉన్నారనుకుంది. ఆ ఎవరో తెలియక ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లందరినీ వరసగా అనుమానించి, సిగ్గుపడి, మళ్లీ మొదట్నుంచి అనుమానించింది. ఏడుద్దామంటే పక్కన మనిషి లేడు. ఉన్న మనిషేమో వినడు.

శనివారం ఒక్కతే వెళ్లింది.

"రానన్నారండి. కాగితం విసిరికొట్టారు."

సత్యవాణి గారు ముందు వేరే సంగతి అడిగారు. "ఇంట్లో చెయ్యి చేసుకుంటారామ్మా? ఆయనంటే మీకు భయమా? అలాంటిదుంటే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టకూడదు, అందుకని అడుగుతున్నా."

"అబ్బే, లేదండి. ఎప్పుడూ కొట్టలేదు."

"సరే. మరి ఏ మాట దగ్గర కోపమొచ్చింది?"

సారిక ఆ వాక్యం చూపించింది. సత్యవాణి గారు దాని కింద గీత గీసుకున్నారు.

"అంటే, ఏదో తప్పు చేసినట్టేగాండి?"

"అలా తేల్చేయకండి. కౌన్సెలింగంటే మండిపడేవాళ్లలో ఏదో దాచేవాళ్లూ ఉంటారు. తప్పంతా తమ మీదే తోసేస్తారని హడలిపోయేవాళ్లూ ఉంటారు. కోపం వెనక ఏదో భయం ఉండుండొచ్చు. అది దేని గురించో ఆయనే చెప్పాలి, మనం ఊహించకూడదు. బెదిరించకండి. మీకెలా ఉందో చెప్పి, రమ్మని అడగండి. రాకపోతే మీరొక్కరే వచ్చినా పనికొస్తుంది."

సారిక బస్సులోనే మెసేజ్ పెట్టింది. 'నాకు చాలా ఒంటరిగా ఉందండి. ఒక్కసారి నాతో రండి.'

ఈసారి జవాబు నిమిషంలో రాలేదు. రెండ్రోజులు పట్టింది. 'సరే' అని ఒక్క మాట.

ఆ పై శనివారం సత్యవాణి గారి గదిలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి ఉన్నాయి. విజయ్ పాల్ తన కుర్చీని బరబరా లాగి సారికకు ఎదురుగా వేసుకున్నాడు. పోట్లాటకే వచ్చాడనుకుంది ఆమె.

"నేను జడ్జీని కాదండి, ఎవరిది తప్పో తేల్చను," అన్నారు సత్యవాణి గారు. "ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే తప్ప ఇక్కడి మాట ఈ గది దాటదు. ముందు సారిక గారు. 'మీరిలా చేశారు' అని కాకుండా 'నాకిలా అనిపిస్తోంది' అని చిన్నచిన్నగా చెప్పండి. పాల్ గారూ, మీరు సమర్థించుకోవద్దు, జవాబూ ఇవ్వొద్దు. విన్నది చెప్పి 'అంతేనా?' అని అడగండి చాలు. తర్వాత మీ వంతు."

సారిక గొంతు సవరించుకుంది. "సాయంత్రాలు నాకు ఇల్లు ఖాళీగా అనిపిస్తుంది."

"సాయంత్రాలు నీకు ఇల్లు ఖాళీగా అనిపిస్తుంది. అంతేనా?" ఫ్యాను కింద కూడా అతని నుదుటి మీద చెమట.

"పిలిస్తే మీరు పలకనప్పుడు, నేను చచ్చిపోయినా మీకు తెలీదేమో అనిపిస్తుంది."

"నే పలకనప్పుడు... నువ్వు చచ్చిపోయినా... నాకు తెలీదేమో అనిపిస్తుంది. అంతేనా?"

రెప్ప వేయకుండా తనవైపే చూస్తున్నాడు. ఒక్క మాట పొల్లుపోలేదు. నాలుగేళ్లలో ఆమెను ఇంత శ్రద్ధగా విన్న ప్రాణి లేదు. దాంతో కట్ట తెగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులోనే అసలు మాట అడిగేసింది.

"మీ మనసులో ఇంకెవరైనా ఉంటే చెప్పేయండి. లేకపోతే లేదనండి."

విజయ్ పాల్ మాట్లాడలేదు.

"ఆ ఒక్కటీ చెప్పండి," కొంగు మరింత గట్టిగా అదుముకుంటూ అడిగింది. "ఉన్నారా, లేరా?"

అతను అలాగే చూస్తున్నాడు. సత్యవాణి గారు కూడా తొందరపెట్టలేదు. సారికకు జవాబు తెలిసిపోయింది. కొవ్వూరులో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోవడమే ఇంక మిగిలింది. సంచి తీసుకుని లేచింది.

విజయ్ పాల్ కంగారుగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ కొంగు తియ్యి సారికా. నీ పెదాలు కనపడకపోతే నువ్వేమంటున్నావో నాకు తెలీదు. నా చెవులు పోయి నాలుగేళ్లయింది."