తొమ్మిది పనిచేయని రిమోట్

రిమోట్ మంచం నడిమధ్యన పడి ఉంది. అటు సాయిశ్రీ, ఇటు తమ్ముడు నాగార్జున. టైము ఏడూ ఇరవై అయిదు. ఏడున్నరకు ఆత్మకూరు కేబుల్ చానల్లో పోయిన ఆదివారం జరిగిన డివిజన్ కబడ్డీ ఫైనల్ ఆఖరి ఘట్టం వేస్తారు. ఒక్కసారే వేస్తారు. ఆ ఆఖరి రైడ్ సాయిశ్రీదే. ఆ రోజు స్కూలు పిల్లలందరి ఇళ్లనుంచీ జనం వచ్చారు, ఆమె ఇంటినుంచి తప్ప. అందుకే ఈ రోజు నాయనను బతిమాలి టీవీ ముందు కూర్చోబెట్టింది.

"చూస్తా ఉండండి, ఉదయగిరిలో మా ఇంటి ఇండోర్ స్టేడియం," పిడికిలిని మైకులా పట్టుకుని నాగార్జున మొదలుపెట్టాడు. "ఎడమ పక్క ఓటమి ఎరగని నాగార్జున. కుడి పక్క పదో తరగతి సాయిశ్రీ. మధ్యలో రబ్బరు బ్యాండు చుట్టిన రిమోటు."

వాడికది జబ్బు. అవ్వ దోసె తిప్పినా కామెంటరీ చెబుతాడు. ఈ వారమంతా గొంతు బొంగురుపోయింది, అయినా నోరు మూతపడలేదు.

మాట పూర్తికాకముందే సాయిశ్రీ ఎడమచేత్తో దిండు విసిరి కుడిచేత్తో రిమోట్ లాగేసింది. తమ్ముడు మణికట్టు పట్టాడు. గట్టి పట్టే. ఆమె మోచెయ్యి మడిచి మెలితిప్పింది, పట్టు జారింది, కానీ ఆ ఊపుకు రబ్బరు బ్యాండు తెగి సెల్లులు రెండూ కింద పడ్డాయి. ఒకటి ఆమెకు దొరికింది, ఒకటి వాడికి. స్కోరు సమానం.

"ఒక సెల్లుతో రిమోటు పనిచేయదని ప్రేక్షకులకు మనవి," అన్నాడు వాడు.

సాయిశ్రీ లేచి గోడ దగ్గరికి పోయింది. గోడ గడియారం దించి దాంట్లో సెల్లు ఊడబెరికింది. టైము ఏడూ ఇరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. మంచం మీది నాయన నారాయణయ్య, మేకల్ని దొడ్డికి తోలి వచ్చిన అలసటలోనూ, నవ్వు ఆపుకోలేకపోయాడు.

తమ్ముడు పరుగున పోయి సెట్‌టాప్ బాక్సుకు ఎదురుగా చేతులు చాచి నిలబడ్డాడు. రిమోట్ వెలుతురు బాక్సు కన్నుకు తగిలితేనే చానల్ మారేది. వాడికి ఇంకో ధీమా కూడా ఉంది. కేబుల్ చానల్ నంబరు తొమ్మిది వందల తొంభై తొమ్మిది, రిమోట్‌లో తొమ్మిది బటను అరిగిపోయి, పనిచేయక నెల దాటింది.

"నువ్వు చూసే క్రికెట్టు వానకు ఆగిపోయిందిరా. గ్రౌండు మీద పట్టాలు కప్పి ఉండారు. దేనికిరా నీ పోట్లాట?" అంది సాయిశ్రీ.

"పట్టాలైనా చూస్తాను, అది మాత్రం వద్దు." ఈసారి వాడి గొంతులో కామెంటరీ లేదు.

ఎందుకు వద్దో అడిగే తీరిక ఆమెకు లేదు. మంచం చివరికి జరిగి, పక్కగోడకున్న బీరువా అద్దానికి గురిపెట్టింది. వెలుతురు అద్దానికి తగిలి, వాడి చంక పక్కగా బాక్సు కంట్లో పడింది. ఒకటి, సున్నా, సున్నా. తెర మీద వంద వచ్చింది. వాడు తల తిప్పి చూసి, అక్క తప్పు నొక్కిందనుకుని చేతులు దించాడు. వంద మొట్టమొదటి చానల్. ఆమె తిన్నగా బాక్సుకు గురిపెట్టి కిందికి బాణం ఒక్కసారి నొక్కింది. మొదటిదానికి వెనక వచ్చేది చిట్టచివరిదే.

తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

ఆత్మకూరు గ్రౌండు తెర నిండా పరుచుకుంది. స్కూలు మిద్దె పైనుంచి తీసిన వీడియో, కెమెరా పక్కనుంచి ఎవరిదో కామెంటరీ వినిపిస్తోంది. కూత పెడుతూ సాయిశ్రీ మధ్యగీత దాటింది. ముగ్గురు చుట్టుముట్టారు. ఒకరిని తాకి వెనక్కి తిరిగేలోగా ఇద్దరు నడుము పట్టేశారు. ఆమె నేలమీద పడి, కూత విడవకుండా, చెయ్యి చాచి గీతను అందుకుంది. నాయన మంచం మీదినుంచి లేచి నిలబడ్డాడు. ఈ ఒక్క క్షణం కోసమే కదా ఆమె పోట్లాడింది.

అప్పుడు చూసింది, నాగార్జున తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని తలుపు వైపు జరుగుతున్నాడు.

"ఆదివారం నువ్వు ట్యూషన్‌కు గదరా పోయింది?" నాయన టీవీ మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

వాడు గడప దగ్గరే ఆగిపోయాడు. టీవీలోంచి వాడి గొంతే, బొంగురుపోయి, ఏడుపూ అరుపూ కలిసిపోయి వినిపించింది: "గీత అందుకునింది, గెలిచింది. ఆ పిల్ల మా అక్కండీ. మా ఇంట్లో ఎవురూ రాలా, నేను వచ్చినాను."