నియమంలో సందు

చెరువుగట్టు కింద ఉండే చింకి అనే ఉడతకు తోక తాటిచెట్టంత, తెలివి దానికి రెట్టింపు. ఏటా గట్టు గండ్లు పూడ్చే పీతల కూలికని అందరూ పది గింజలకు ఒకటి పన్ను కట్టాలి. నాటిన విత్తనాలకు మాత్రం మినహాయింపు.

ఆ ఏడు ఎలుక తన గింజలన్నీ కన్నంలో దాచి, "ఒక్కటీ లేదు" అని ఒట్టేసింది. చింకి మాత్రం లెక్కకు ముందురోజే లక్ష గింజలూ మట్టిలో పాతి, పన్ను లెక్క చూసే తాబేలు తాతకు చోట్లన్నీ చూపించింది.

"ఎలుకా, నీ కన్నంలో గింజలు దొరికాయి. నువ్వాడింది అబద్ధం. పన్నూ కట్టు, దానికి రెట్టింపు జరిమానా కట్టు. చింకమ్మా, నీది నేరం కాదు. నియమం ఇచ్చిన వెసులుబాటే," అన్నాడు తాత.

చింకి తోక వెళ్లి ఆకాశానికి తగిలింది. అది చూసి మర్నాడు లెక్కకు రావలసినవాళ్లంతా గింజలు పాతేశారు. ఎలుక కట్టిన పన్నూ జరిమానా కలిపినా పీతలకు ఒక్కపూట కూలికే సరిపోయింది. గట్టు పని ఆగింది. ఏడు సముద్రాలు కుమ్మరించినట్టు వాన కురిసి గట్టు తెగింది. చింకి గింజలు మట్టిలోంచి లేచి పడవల్లా కొట్టుకుపోసాగాయి.

"తాతా, నేను ఏ నేరమూ చెయ్యలేదే!"

"నిజమే తల్లీ. ఆ మాట నీళ్లకు చెప్పు."

చింకి తడిసిన తోక పిండుకుని, మిగిలిన గింజలన్నీ పీతల ముందు పోసింది. "ముందు గట్టు గండి పూడ్చండి నాయనా! తాతా, నువ్వు ఆ మినహాయింపులో సందు పూడ్చు. మొక్క మొలిచాకే మినహాయింపు ఇస్తామని రాయి. ఆ సందు ఎంతుందో దూరినదాన్ని నాకు తెలుసు!"