గ్రూపులో పెట్టని మెసేజ్

“ఛీ! తీసీ. ముందది తీసీ!” అంది గౌరీశ్వరి, చేప పొట్ట కోస్తున్న చేతిని మొహానికి దూరంగా పెట్టుకుని.

దుర్గారావు ఫోన్లోంచి తలెత్తాడు. “ఏటే? పుట్టినరోజుకి సిన్న జోకు. ‘బావా, బక్కసిక్కి ఎండు నెత్తళ్లలా అయిపోనావు, పిల్లి ఎత్తుకుపోద్ది జాగర్త.’ తప్పేటి?”

“పుట్టినరోజునాడు అనే మాటేనా అది?”

దుర్గారావు, సింహాద్రి స్టీల్ ప్లాంటులో ఒకే షిఫ్టు. కూర్మన్నపాలెంలో పక్కపక్క వీధులు. చుట్టరికం లేకపోయినా ఒకరికొకరు బావ. గౌరీశ్వరి సింహాద్రికి చెల్లెమ్మ. పుట్టినరోజు వస్తే షిఫ్టు గ్రూపులో ఒకరినొకరు ఏకిపారేసుకోవడం బావలిద్దరికీ అలవాటు. కిందటేడు సింహాద్రి బట్టతల మీద దుర్గారావు పెట్టిన జోకుకి గ్రూపంతా పడీపడీ నవ్వింది. సింహాద్రి మాత్రం చాలా రోజులు అతని బండెక్కలేదు. ఆ దూరం మళ్లీ రాకూడదనే ఈసారి పంపేముందు పెళ్లానికి చదివి వినిపిస్తున్నాడు.

“పోనీ ఇది. ‘ఇంకెన్నాళ్లు భూమికి బరువు, సీటు ఖాళీ సెయ్యి బావా!’”

గౌరీశ్వరి చేపని పళ్లెంలోకి విసిరికొట్టింది. “థూ! నోరా అది, తూమా?”

“మరి ఆడు నా గురక మీద జోకెయ్యలేదా?”

“నీ గురక గురించి నువ్వే ఊరంతా సెప్పుకుని నవ్వుతావు. అందుకే నీకు తగల్లేదు. మనిషి తన మీద తను నవ్వుకునే సంగతి పట్టుకోవాల. ఒంటి జోలికెందుకు?”

“అయితే ఆ వేలంపాట?”

“అదీ!”

ఫిషింగ్ హార్బర్‌లో వంజరం చేప వేలానికి వెళ్లి, సింహాద్రి కంగారులో తన పాట మీద తనే పాట పెంచేశాడు. ఆ కథ టీ కొట్టు దగ్గర అతనే అభినయించి మరీ చెబుతాడు.

దుర్గారావు నవ్వుకుంటూ కొట్టాడు. ‘నీతో నువ్వే పోటీపడి వంజరం గెలిచిన మొనగాడా, పుట్టినరోజు శుభాకాంక్షలు. నువ్వు లేకపోతే నాకెవరున్నారు బావా?’

“ఆఖరి ముక్క తీసీ.”

“అది జోకు కాదే, ప్రేమ!”

“‘లేకపోతే’ ఏటి, అసయ్యంగా! ‘నువ్వున్నావనే డ్యూటీకి ఎల్లబుద్దేస్తంది’ అని పెట్టు. గ్రూపులో కాదు, ఆడికి ఇడిగా పంపు. పదిమంది ముందు నవ్వు నటించే పని ఉండదు.”

“మరీ ఇంత సప్పగానా? నాను రాసినట్టు లేదే!”

“పంపు.”

పంపాడు. గౌరీశ్వరి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. వాసన పోలేదు. మొహం చిట్లించుకునే వచ్చి మొగుడి వెనక నిలబడింది.

అవతల సింహాద్రి మెసేజ్ చూశాడు. ఏదో కొడుతున్నాడు, ఆపేస్తున్నాడు, మళ్లీ కొడుతున్నాడు.

“సూసావా, ఒక్క నవ్వు బొమ్మయినా లేదు. ఆడికి కోపమొచ్చింది. అంతా నీ వల్లే,” అన్నాడు దుర్గారావు.

ఇంతలో సింహాద్రి నుంచి ఫోను మోగింది.

“ఆసుపత్రి సంగతి చెల్లెమ్మ నీకు సెప్పేసిందేటి, బావా?”